గొంతు ముందా, జ్వరం ముందా? జలుబు, ఫ్లూ, కోవిడ్‌లను వరసను బట్టి పోల్చుకోవడం

గొంతు నొప్పితో డాక్టర్ దగ్గరికి వెళ్లిన వాళ్లు సాధారణంగా ఆ నొప్పి ఎలా ఉందో చెప్తారు. ముల్లు గుచ్చినట్టు ఉందనో, గరగరలాడుతోందనో, గుటక పడటం లేదనో అంటారు. వింటున్న డాక్టర్‌కు అంతకంటే ఎక్కువ పనికొచ్చే మాట ఇంకోటి ఉంటుంది: అది ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏమొచ్చింది, తర్వాత ఏమొచ్చింది. జలుబు, ఫ్లూ, కోవిడ్ మూడింటిలోనూ గొంతు నొప్పి ఉంటుంది. నొప్పి రకాన్ని చూసి వీటిని విడదీయడం దాదాపు కుదరదు. లక్షణాలు వచ్చిన వరసను బట్టి కొంతవరకు విడదీయొచ్చు.

ముందుగా మామూలు జలుబు సంగతి. దీనికి ఎక్కువసార్లు కారణం రైనోవైరస్. ఇందులో వందకు పైగా రకాలున్నాయి, అందుకే ఏడాదికి రెండు మూడు సార్లు రొంప పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ వైరస్ ముక్కు వెనక భాగంలో, కొండనాలుకకు పైన ముక్కూ గొంతూ కలిసే చోట ముందు కుదురుకుంటుంది. అందువల్ల జలుబులో మొదటి సంకేతం చాలామందికి ముక్కులో కాకుండా గొంతు పైభాగంలో తెలుస్తుంది. సాయంత్రం పూట ఏదో గీరుతున్నట్టు, దుమ్ము పోయినట్టు ఉంటుంది. మింగితే పెద్దగా నొప్పి ఉండదు, కానీ మింగిన ప్రతిసారీ అక్కడేదో ఉందని తెలుస్తూ ఉంటుంది. వైరస్ లోపలికి పోయిన పన్నెండు గంటల నుంచి మూడు రోజుల మధ్య ఇది మొదలవుతుంది.

ఆ గీరుడుకు కారణం వైరస్ గొంతును కొరికేయడం కాదు. రైనోవైరస్ లోపలి పొరను పెద్దగా పాడు చేయదు. దాన్ని చూసి ఒళ్లు విడుదల చేసే బ్రాడికినిన్ లాంటి పదార్థాలు అక్కడి నరాలను రేపుతాయి, రక్తనాళాలను ఉబ్బేలా చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల ముక్కులో వైరస్ ఏదీ లేకుండా ఒక్క బ్రాడికినిన్‌నే చల్లి చూస్తే, వాళ్లకూ ముక్కు దిబ్బడ, గొంతు నొప్పి వచ్చాయి. అంటే జలుబులో గొంతు నొప్పి ఒక తొలి హెచ్చరికలాంటిది. అసలు గొడవ ముక్కులో మొదలవగానే గొంతు సద్దుమణుగుతుంది. మొదటి రోజు గొంతు, రెండో రోజు తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, మూడో రోజుకు గొంతు మర్చిపోయి ముక్కు దిబ్బడ, నాలుగైదు రోజులకు కాస్త దగ్గు. ఇదీ జలుబు నడిచే దారి. పెద్దవాళ్లలో జ్వరం రాదు, వచ్చినా ఒళ్లు కాస్త వెచ్చబడటం వరకే. పిల్లలకు మాత్రం మామూలు జలుబుకే జ్వరం రావచ్చు, కాబట్టి ఈ లెక్క వాళ్లకు అంతగా పనికిరాదు.

మూడు నాలుగు రోజులకు చీమిడి పచ్చగానో ఆకుపచ్చగానో చిక్కబడితే చాలామంది మెడికల్ షాపుకెళ్లి యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. ఆ రంగు బ్యాక్టీరియాది కాదు. వైరస్‌తో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమ్‌ది. జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఫ్లూ నడక దీనికి పూర్తిగా వేరు. దాన్ని పోల్చుకోవడానికి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎన్ని గంటలకు మొదలైంది? జలుబు వచ్చినవాడు ‘నిన్న సాయంత్రం నుంచి అనుకుంటా’ అంటాడు. ఫ్లూ వచ్చినవాడు చాలాసార్లు గంట చెప్పగలడు. ‘మధ్యాహ్నం భోజనం చేసి సీట్లో కూర్చున్నా, బానే ఉన్నా, నాలుగింటికల్లా ఏసీ గదిలో వణుకు మొదలైంది’ అంటాడు. చలి, తలనొప్పి, నడుమూ తొడలూ కొట్టినట్టు నొప్పులు, కళ్లు కదిపితే నొప్పి, 102 దాటే జ్వరం అన్నీ కొన్ని గంటల్లో ఒకేసారి మీద పడతాయి. గొంతు నొప్పి కూడా ఉంటుంది. అయితే అది వీటన్నిటికీ ముందు వచ్చి కూర్చోదు. వాటితో పాటుగానో, ఆ రాత్రికో తెలుస్తుంది. అప్పటికి మనిషి మంచం మీద ఉంటాడు కాబట్టి గొంతును ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఈ తేడాకూ కారణం ఉంది. ఫ్లూ వైరస్ ముక్కుతో ఆగదు, గాలిగొట్టం లోపలి పొరను దెబ్బతీస్తుంది. దానికి స్పందనగా ఒళ్లు వదిలే ఇంటర్‌ఫెరాన్, మరికొన్ని రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. చలి, ఒళ్లునొప్పులు అక్కడి నుంచే వస్తాయి. గాలిగొట్టం పొర దెబ్బతినడం వల్ల పొడి దగ్గు మొదటి రోజే వస్తుంది. దగ్గినప్పుడల్లా గొంతు కింద, రొమ్ము ఎముక వెనక మంట అనిపిస్తుంది. ‘గొంతు నొప్పి’ అని చెప్తున్న మనిషిని వేలితో చూపించమంటే, జలుబు వాళ్లు గడ్డం కిందో ఇంకా పైనో చూపిస్తారు, ఫ్లూ వాళ్లు కొందరు మెడ కింది గుంటలో చూపిస్తారు. ఇది పరీక్ష కాదు, ఒక సూచన మాత్రమే. కానీ అడగడానికి ఖర్చేమీ లేదు.

ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో దగ్గు, జ్వరం రెండూ మొదటి 48 గంటల్లోనే కనిపించిన వాళ్లను ల్యాబ్ పరీక్షతో పోల్చి చూసిన ఒక పెద్ద విశ్లేషణ 2000 సంవత్సరంలో వచ్చింది. అందులో 79 శాతం మందికి నిజంగానే ఫ్లూ ఉంది. లక్షణాలను బట్టి చేసే ఊహకు ఇది మంచి ఫలితమే. కానీ ఇంకో వైపు నుంచి చూస్తే, అంత స్పష్టంగా ఫ్లూలా కనిపించిన ప్రతి ఐదుగురిలో ఒకరికి ఫ్లూ కాదు. పైగా అది కోవిడ్ లేని కాలం. ఇప్పుడు అదే ఊహ ఇంకొంచెం బలహీనపడింది.

మన దగ్గర ఫ్లూకు రెండు సీజన్లున్నాయి. ఒకటి జనవరి నుంచి మార్చి వరకు, రెండోది వానలు ముగిసే రోజుల్లో. 2009లో స్వైన్ ఫ్లూ పేరుతో భయపెట్టిన హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో ఒకటైపోయింది. 2023 మొదట్లో దేశమంతా హెచ్3ఎన్2 తిరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఒక నోటీసు ఇచ్చింది. జ్వరం మూడు రోజుల్లో పోతుందని, దగ్గు మాత్రం మూడు వారాల దాకా ఉండొచ్చని, యాంటీబయాటిక్స్ ఊరికే రాయొద్దని అందులో ఉంది. ఆ మూడు వారాల దగ్గు గురించి ముందే తెలియక, రెండో వారంలో టెన్షన్ పడి ఛాతీ ఎక్స్‌రేలకు పరిగెత్తిన వాళ్లు ఎంతమందో.

వానల సీజన్ అనగానే ఇంకో మాట చెప్పాలి. హఠాత్తుగా జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లునొప్పులు ఉండి, దగ్గు, ముక్కు కారడం, గొంతు నొప్పి మూడూ లేకపోతే మన ప్రాంతంలో ముందు అనుమానించాల్సింది ఫ్లూను కాదు, డెంగీని. అలాంటి జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

ఇక కోవిడ్. చిక్కంతా దీనితోనే, ఎందుకంటే ఇది తన వరసను మార్చుకుంటూ వచ్చింది. 2020లో కోవిడ్ అంటే జ్వరం, పొడి దగ్గు, వాసన తెలియకపోవడం. గొంతు నొప్పి ఉన్నా లిస్టులో కింద ఉండేది. 2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చాక ఆ లిస్టు తారుమారైంది. బ్రిటన్‌లో ఫోన్ యాప్ ద్వారా లక్షణాలు నమోదు చేసుకున్న వాళ్ల వివరాలు 2022లో అచ్చయ్యాయి. డెల్టా వచ్చిన వాళ్లలో దాదాపు 53 శాతం మందికి వాసన పోతే, ఒమిక్రాన్‌లో అది 17 శాతానికి పడిపోయింది. గొంతు నొప్పి మాత్రం 61 నుంచి 71 శాతానికి పెరిగింది. అంటే వాసన పోలేదు కాబట్టి కోవిడ్ కాదు అనుకునే పద్ధతి అప్పుడే చెల్లకుండా పోయింది. మన ఇళ్లలో ఇప్పటికీ ఇంగువ డబ్బా వాసన చూసి ‘తెలుస్తోంది, కోవిడ్ కాదులే’ అనేవాళ్లున్నారు. వాసన తెలియకపోతే, అదీ ముక్కు దిబ్బడ లేకుండా తెలియకపోతే, కోవిడ్ అని గట్టిగా అనుమానించొచ్చు. తెలిస్తే మాత్రం ఏమీ తేలినట్టు కాదు.

ఒమిక్రాన్ నుంచి వచ్చిన రకాల్లో పొదిగే కాలం కూడా తగ్గింది. మొదట్లో ఐదారు రోజులుండేది ఇప్పుడు మూడు రోజులకు అటూ ఇటూగా ఉంటోంది. కాబట్టి ‘మొన్ననే కదా పెళ్లికెళ్లొచ్చాం, ఇంత తొందరగా కోవిడ్ రాదు’ అన్న లెక్క కూడా పోయింది.

కోవిడ్‌లో గొంతు ఎందుకు ముందు బయటపడుతుందో అర్థం చేసుకోవడానికి బ్రిటన్‌లో జరిగిన ఒక అరుదైన ప్రయోగం పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువ వాలంటీర్ల ముక్కులో తొలికాలపు కరోనా వైరస్‌ను చుక్కలుగా వేసి, రోజూ గొంతు, ముక్కు రెండిటి నుంచీ నమూనాలు తీశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. వేసింది ముక్కులోనే అయినా వైరస్ ముందు కనిపించింది గొంతులో, సుమారు 40 గంటలకు. ముక్కులో కనిపించడానికి 58 గంటలు పట్టింది. తర్వాత మాత్రం ముక్కులోనే ఎక్కువ పెరిగి, ఐదో రోజు ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది.

ఈ అంకెల్లోనే మన ఇళ్లలో తరచూ జరిగే ఒక పొరపాటుకు కారణం దొరుకుతుంది. ఇంట్లో వాడే ర్యాపిడ్ కిట్లు ముక్కు నుంచి తీసిన నమూనా మీద పనిచేస్తాయి. గొంతు నొప్పి మొదలైన రోజే పరీక్ష చేస్తే ముక్కులో ఇంకా సరిపడా వైరస్ లేక ఒకే గీత రావచ్చు. ఆ ఒక్క గీత చూసి మనిషి ఫంక్షన్‌కో ఆఫీసుకో వెళ్లిపోతాడు. మొదటి పరీక్ష నెగెటివ్ వస్తే 48 గంటలు ఆగి మళ్లీ చేయాలి అనేది అందుకే. లక్షణాలున్న మనిషి విషయంలో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. ఒక్క నెగెటివ్‌ను మాత్రం నమ్మకూడదు.

కోవిడ్ గొంతు నొప్పి జలుబులో లాగా రెండో రోజుకు తగ్గిపోకుండా, చాలామందిలో పెరుగుతుంది. మొదటి రోజు గరగర, రెండో రోజు గుటక వేయాలంటే భయం, మూడో రోజు కూడా అలాగే. 2025 వేసవిలో ఎన్‌బీ.1.8.1 రకం తిరిగినప్పుడు ‘రేజర్ బ్లేడ్ గొంతు’ అన్న పేరుతో వార్తలు వచ్చింది ఇలాంటి నొప్పి గురించే. ఆ పేరు వినడానికి బాగుంటుంది గానీ, రోగాన్ని తేల్చడానికి పనికిరాదు. గాజుపెంకు మింగినట్టుండే నొప్పి టాన్సిల్స్ మీద వచ్చే స్ట్రెప్ అనే బ్యాక్టీరియా వల్ల కూడా వస్తుంది. దాని గుర్తులు వేరు: జ్వరం, మెడ ముందు నొక్కితే నొప్పి పుట్టే గడ్డలు, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు, వీటితో పాటు దగ్గు, తుమ్ములు లేకపోవడం. యాంటీబయాటిక్ నిజంగా అవసరమయ్యే గొంతు నొప్పి అదే, అందుకే అలా ఉంటే డాక్టర్‌కు చూపించాలి. గొంతు నొప్పితో పాటు ముక్కు కారుతూ దగ్గు వస్తుంటే అది స్ట్రెప్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఇదంతా ఒక ఇంట్లో ఎలా కనిపిస్తుందో ఊహించి చూద్దాం. ఆదివారం రాత్రి కుటుంబమంతా ఒక రిసెప్షన్‌కు వెళ్లొచ్చింది. మంగళవారం రాత్రి కోడలికి గొంతు గరగర. బుధవారం తుమ్ములు, ముక్కు కారడం, జ్వరం లేదు. ఆవిడ లెక్కలో అది జలుబు. బుధవారం సాయంత్రం కొడుక్కి చలి, 101.5 జ్వరం, ఒళ్లునొప్పులు. అతని లెక్కలో అది ఫ్లూ. గురువారం మామగారికి, 68 ఏళ్లు, షుగర్ ఉంది, గొంతు నొప్పి, నీరసం. ‘వయసు కదా, చలిగాలికి’ అన్నారు. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే ముగ్గురికీ మూడు రోగాలు.

కాస్త లోతుగా అడిగితే కథ మారుతుంది. కొడుకుని ‘వణుకు రాకముందు ఏమైనా ఉందా’ అంటే, బుధవారం పొద్దున టీ తాగుతుంటే గొంతులో చురుక్కుమందని గుర్తొస్తుంది. అంటే జ్వరానికి పది పన్నెండు గంటల ముందే గొంతు మొదలైంది. ఫ్లూ మామూలుగా అలా ముందు కబురు పంపదు. కోడలికి శుక్రవారం వచ్చినా గొంతు తగ్గలేదు. జలుబైతే ఈపాటికి తగ్గాలి. అన్నిటికంటే పెద్ద ఆధారం లక్షణాల్లో లేదు. ఒకే ఇంట్లో, ఒకే ఫంక్షన్ తర్వాత, రెండు రోజుల తేడాలో ముగ్గురు పడ్డారు. ముగ్గురికీ వేర్వేరు వైరస్‌లు పట్టుకోవడం కంటే, ఒకే వైరస్ ముగ్గురిలో మూడు రకాలుగా కనిపించడానికే ఎక్కువ అవకాశం. కొడుకు గురువారం కిట్‌తో చేసుకుంటే ఒక గీత వచ్చింది. శనివారం మళ్లీ చేస్తే రెండు గీతలు వచ్చాయి. ఆ రెండో గీతతో కోడలి ‘జలుబు’, మామగారి ‘చలిగాలి’ కూడా కోవిడ్ ఖాతాలోకే వెళ్లాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఇదే ఇంట్లో రెండో కిట్ కూడా నెగెటివ్ వచ్చి, ఆస్పత్రిలో చేసిన పరీక్షలో ఫ్లూ అని తేలినా వింతేమీ లేదు. టీకా వేయించుకున్నవాళ్లలో, అంతకుముందు అదే రకం వైరస్ వచ్చిపోయినవాళ్లలో ఫ్లూ కూడా జలుబులా తేలిగ్గా పోవచ్చు. వయసు పైబడినవాళ్లలో జ్వరమే రాకుండా ఒట్టి నీరసంతో రావచ్చు. వరస అనేది ఏ పరీక్ష ముందు చేయించాలో చెప్తుంది. జబ్బు పేరు తేల్చాల్సింది మాత్రం ఆ పరీక్షే.

వరసను మనమే చెరిపేసుకునే అలవాటు ఒకటుంది. ఒళ్లు కాస్త వెచ్చబడగానే, థర్మామీటర్ కూడా పెట్టుకోకుండా పారాసెటమాల్ 650 వేసుకుంటాం. ఆరు గంటలకొకటి వేసుకుంటూ ‘జ్వరం లేదు, గొంతు నొప్పి ఒక్కటే’ అని డాక్టర్‌తో చెప్తాం. ఆ గొంతు నొప్పి కూడా అదే మాత్రకు సగం తగ్గి ఉంటుంది. మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. వేసుకునే ముందు జ్వరం ఎంతుందో చూసి, టైమ్‌తో సహా ఫోన్‌లో రాసుకుంటే చాలు. ‘మంగళవారం రాత్రి 9, గొంతు గరగర. బుధవారం 7, టీతో నొప్పి. సాయంత్రం 6, చలి, 101.5, మాత్ర వేశా’ అని మూడు లైన్లు చాలు. రెండో రోజు జ్ఞాపకం మీద చెప్పే కథ కంటే ఆ మూడు లైన్లు డాక్టర్‌కు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఏ వైరస్ అయినా తగ్గేదానికి ఇంత ఆరా ఎందుకని అనిపించొచ్చు. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి నిజంగానే పెద్ద తేడా ఉండదు. ఉప్పు నీళ్ల పుక్కిలింత, నిద్ర, వేడి వేడి చారు మూడింటికీ ఒకటే. తేడా ఆ ఇంట్లో మామగారి దగ్గర వస్తుంది. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టమివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. కోవిడ్‌లో ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఇచ్చే యాంటీవైరల్ మాత్రలు ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. 65 దాటినవాళ్లు, గర్భిణులు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఇంట్లో ఉంటే కిట్ ఫలితం కోసం శనివారం దాకా కూర్చోకూడదు. గొంతు మొదలైన రోజే డాక్టర్‌కు చెప్పాలి. పైన చెప్పిన ఇంట్లో జరిగిన అసలు తప్పు అదే. గురువారం మామగారికి గొంతు నొప్పి అనగానే ఫోన్ చేసి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి.

కొన్ని సంకేతాలు వచ్చాక అది ఏ వైరస్ అన్న ప్రశ్న పక్కన పెట్టి బయల్దేరాలి. కూర్చుని మాట్లాడుతుంటే ఆయాసం, ఛాతీలో నొప్పి, ఆక్సిమీటర్‌లో 94 కంటే తక్కువ, మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం అలాంటివి. సొంత ఉమ్మి కూడా మింగలేక నోట్లోంచి కారుతున్నా, నోరు పూర్తిగా తెరవలేకపోయినా గొంతు లోపల చీము పట్టి ఉండొచ్చు, అది ఆ రాత్రికే చూపించాల్సిన విషయం. వీటికంటే మోసపుచ్చేది ఇంకోటుంది. జ్వరం నాలుగో రోజుకు తగ్గి, మనిషి లేచి తిరిగి, ఆరో రోజో ఏడో రోజో మళ్లీ చలితో జ్వరం, కఫంతో దగ్గు మొదలవడం. ఫ్లూ దెబ్బతీసిన గాలిగొట్టం మీదుగా బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగితే ఇలాగే ఉంటుంది. ‘మళ్లీ వైరల్ తిరగబెట్టింది’ అనుకుని ఇంట్లోనే పారాసెటమాల్‌తో గడిపేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే.